చమురు తినే జీవులు, పాషాణం మోసే మొక్కలు

మన చుట్టూ ఉన్న నేలను పాడుచేసే పదార్థాలు ఎన్నో ఉన్నా, వాటిని శుభ్రం చెయ్యాలనుకునే వాడు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ విషాన్ని విరగ్గొట్టవచ్చునా, లేక ఒక చోటి నుంచి మరొక చోటికి మోయవలసిందేనా? ముడి చమురు ఎంత నల్లగా, ఎంత జిడ్డుగా కనిపించినా, అది కర్బనం, ఉదజని కలిసిన గొలుసులే. గొలుసును తెంపితే చివరికి మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు. కాని సీసం, పాదరసం, ఆర్సెనిక్ (మన పెద్దలు పాషాణం అన్నది దీని సమ్మేళనాన్నే) మూలకాలు. మూలకాన్ని ఏ జీవీ జీర్ణం చేసుకోలేదు. దాని రూపు మార్చవచ్చు, చోటు మార్చవచ్చు, అంతే. సూక్ష్మజీవులతో నేలను బాగుచేసే పద్ధతికీ, మొక్కలతో బాగుచేసే పద్ధతికీ ఉన్న బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి.

ముందు చమురు సంగతి చూద్దాం.

1989 మార్చి 24వ తేదీ తెల్లవారకముందే అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో, ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ బ్లై రీఫ్ అనే రాతి దిబ్బమీదికి ఎక్కింది. ఓడ అడుగు చీలి దాదాపు 1 కోటి 10 లక్షల గ్యాలన్ల ముడి చమురు, అంటే మన లెక్కలో 4 కోట్ల లీటర్లకు పైగా, నీళ్లలో కలిసింది. సుమారు 2,000 కిలోమీటర్ల తీరం మీద ఆ నల్లని పూత ఎక్కడో ఒకచోట అంటుకుంది. మొదట వేడినీళ్లను పెద్ద ఒత్తిడితో రాళ్లమీద చిమ్మి కడిగారు. రాళ్లు కొంత తెల్లబడ్డ మాట నిజమే గాని, రాళ్లను అంటిపెట్టుకుని బతికే గుల్లలూ నాచూ ఆ వేడికి ఉడికిపోయాయి. తీరాన్ని బాగుచెయ్యబోయి తీరంలో ఉన్న ప్రాణిని చంపితే బాగుచేసింది ఎవరికోసం అన్న ప్రశ్న అప్పుడే లేచింది.

ఆ వేసవిలోనే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు, ఓడ కంపెనీ వాళ్లు కలిసి స్నగ్ హార్బర్ అనే చోట వేరొక ప్రయోగం మొదలుపెట్టారు. వాళ్లు చల్లింది సూక్ష్మజీవుల్ని కాదు. ఎరువు చల్లారు. ఈ మాట వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు గాని, అసలు రహస్యమంతా ఇక్కడే ఉంది. చమురు తినే బాక్టీరియా సముద్రంలోనూ నేలలోనూ ముందునుంచే ఉన్నాయి. సముద్రం అడుగునుంచి, నేల పొరలలోంచి చమురు సహజంగా ఊరుతూ ఉండటం యుగాలనాటి సంగతి. దాన్ని తిని బతకడం నేర్చిన జీవులు ఊరికే ఉండవు గదా! సూడోమోనాస్, ఆల్కనివోరాక్స్, రోడోకాకస్, అసినెటోబాక్టర్ వగైరా జాతులు కొద్ది సంఖ్యలో ఎక్కడికక్కడే ఉంటాయి. చమురు పడగానే వీటికి పెద్ద విందు. కాని అది ఒక్క పదార్థమే ఉన్న విందు. చమురులో కర్బనం కొండంత ఉంది. జీవకణం కట్టుకోవటానికి కావలసిన నత్రజనీ భాస్వరమూ దాదాపు లేవు. ఉత్త అన్నం రాశి పోసి పప్పు, కూర, ఉప్పు ఏమీ లేకుండా తినమన్నట్టు. బాక్టీరియా కొంతవరకు పెరిగి అక్కడ ఆగిపోతాయి.

అలాస్కాలో వాడిన ఎరువులు ముఖ్యంగా రెండు. ఇనిపాల్ అనేది జిడ్డుకు అంటుకునే ద్రవం. యూరియాను ఓలియిక్ ఆమ్లంతో కలిపి, అలలకు కొట్టుకుపోకుండా చమురు పూతకే పట్టుకునేలా తయారుచేసింది. కస్టమ్‌బ్లెన్ అనేది గుళికలు. పైన నూనె పూత ఉండటంవల్ల లోపలి నత్రజని, భాస్వరం మెల్లమెల్లగా బయటికి వస్తాయి. ద్రవం చల్లిన చోట రెండు మూడు వారాలకే రాళ్లమీద నలుపు పలచబడి, ఎరువు వేసినంత మేరా ఒక తెల్లని చతురస్రం గీసినట్టు, పైనుంచి హెలికాప్టర్లో వెళ్లేవాళ్లకు కూడా కనపడిందట. 1989 నుంచి 1992 దాకా ఆ తీరంమీద ఎన్నో చోట్ల ఎరువు చల్లారు.

ఇక్కడే ఒక అనుమానం వచ్చింది. అది రావటమే మంచిదయింది. ఎరువులో ఉన్న సబ్బులాంటి పదార్థం చమురును రాతి మీదినుంచి జార్చి సముద్రంలోకి పంపిందేమో? అలా అయితే అది శుభ్రం చెయ్యటం కాదు, కళ్లకు కనపడకుండా దాచటం. దీన్ని తేల్చటానికి వాళ్లు వాడిన ఉపాయం ప్రతి విద్యార్థీ తెలుసుకోదగ్గది.

ముడి చమురులో హోపేన్ అనే పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. ఎప్పుడో యుగాలకిందట చచ్చిన బాక్టీరియా పొరల అవశేషం అది. ఐదు వలయాలు కలిసిన గట్టి అణువు గనుక ఇప్పటి బాక్టీరియా దాన్ని అంత తొందరగా ముట్టుకోవు. చుట్టూ ఉన్న చమురును తినేస్తూ పోతే, మిగిలిన చమురులో హోపేన్ పాలు పెరుగుతుంది. పాలు కాస్తూ ఉంటే నీరు పోయి చిక్కబడినట్టు. ఒక లెక్క చూడండి. పడిన రోజున కిలో చమురులో హోపేన్ 100 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. కొన్ని నెలల తర్వాత అదే చోటి రాతిమీద మిగిలిన చమురును గీకి చూస్తే కిలోకు 200 మిల్లీగ్రాములు ఉంది. అంటే చమురులో సగం తినబడిపోయింది. అలాగాక చమురు రాతిమీదనుంచి ఉన్నపళాన జారిపోయి ఉంటే, హోపేన్ కూడా దాంతోపాటే జారిపోతుంది. మిగిలిన దాంట్లో పాలు మారదు, 100గానే ఉంటుంది. ఈ కొలతతో అలాస్కాలో చమురు నిజంగానే తినబడిందనీ, చమురు రాశికి తగినంత నత్రజని అందిన చోటే వేగం ఎక్కువగా ఉందనీ తేలింది. అంతకుముందు ఫైటేన్ అనే పదార్థాన్ని కొలబద్దగా వాడేవారు గాని, బాక్టీరియా కాస్త ఆలస్యంగా దాన్నీ తినేస్తాయి. కొలబద్దే కరిగిపోతూ ఉంటే ఏం కొలుస్తాం?

బయటినుంచి బాక్టీరియా తెచ్చి చల్లితే ఇంకా వేగంగా అవుతుంది గదా అనే ప్రశ్న సహజం. అలా అమ్మే పొడులను రెండింటిని ఏరి 1990లో అదే తీరంలో పరీక్షించారు. ఎరువు మాత్రమే వేసిన మడులకన్నా అవి మెరుగుగా చేసినట్టు కనిపించలేదు. బెంగాలులో పుట్టి అమెరికా వెళ్లిన శాస్త్రజ్ఞుడు ఆనంద చక్రవర్తి, చమురులోని పలు భాగాలను ఒక్క బాక్టీరియాచేతనే తినిపించేలా సూడోమోనాస్‌ను తయారుచేసిన కథ మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. దానిమీద పేటెంటు హక్కు కోసం జరిగిన వ్యాజ్యంలో 1980లో అమెరికా సుప్రీం కోర్టు 5-4 ఓట్లతో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. జీవశాస్త్ర పరిశ్రమకంతటికీ ఆ తీర్పు తలుపు తెరిచింది. అయితే ఆ బాక్టీరియా మాత్రం నిజమైన చమురు ప్రమాదంలో బహిరంగంగా వాడబడనే లేదు. ప్రయోగశాల సీసాలో రాజుగా బతికిన జీవి, ఊరి నేలలో అక్కడి స్థానికులతో పోటీపడి నిలవటం కష్టం. ఇలా అన్నంత మాత్రాన బయటి జీవులు ఎప్పుడూ పనికిరావని కాదు. రిఫైనరీల్లో ట్యాంకుల అడుగున పేరుకునే బురద మడ్డిలో చమురు పాలు మరీ ఎక్కువ. స్థానిక జీవులు అందులో లేచి నిలబడటానికే చాలాకాలం పడుతుంది. అలాంటి చోట్ల ఢిల్లీలోని టెరి సంస్థ తయారుచేసిన ఆయిల్ జాపర్ అనే మిశ్రమాన్ని మన దేశంలో వాడారు. కొన్ని రకాల బాక్టీరియాను మొక్కజొన్న కండెల పొడిలో పట్టించి, నేలలో కలిపి దున్నుతారు.

ఇప్పుడు అలాస్కానుంచి మన గోదావరి డెల్టాకు వద్దాం. అక్కడ చమురు, గ్యాసు బావుల పక్కనే వరి చేలూ కొబ్బరి తోటలూ ఉన్నాయి. ఒక గొట్టం కారి ముడి చమురు వరిమడిలోకి పారిందనుకుందాం. మడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. అంటే సుమారు రెండున్నర సెంట్లు. పైపైన నిలిచిన చమురును ముందు తోడెయ్యాలి. ఈ పని బాక్టీరియాకు వదలకూడదు, బొక్కెనతో అయ్యేదానికి బాక్టీరియా ఎందుకు? ఆ తర్వాత పదిహేను సెంటీమీటర్ల లోతువరకు మట్టిలో ఇంకిన చమురు మట్టి బరువులో నూటికి ఐదు పాళ్లు ఉందని లెక్కవేద్దాం. అంత లోతు మట్టి దాదాపు 20,000 కిలోలు తూగుతుంది. అందులో చమురు 1,000 కిలోలు. దాంట్లో కర్బనం దగ్గర దగ్గర 850 కిలోలు.

పాఠ్యపుస్తకాలు చెప్పే పాళ్లు, నూరు పాళ్లు కర్బనానికి పది నత్రజని, ఒకటి భాస్వరం. ఆ ప్రకారం 85 కిలోల నత్రజని కావాలి. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు గనుక 185 కిలోల యూరియా. భాస్వరం కోసం సుమారు 120 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు. ఎకరం వరికి ఒక పంటకంతా రెండు మూడు బస్తాల యూరియా వేసే రైతు ఈ రెండున్నర సెంట్లకు నాలుగు బస్తాల యూరియా అంటే నవ్వుతాడు. నవ్వటం న్యాయమే. ఒక్కసారిగా అంతా పోస్తే అమ్మోనియా పుట్టి, మట్టిలో ఉప్పు పెరిగి, ఏ బాక్టీరియా కోసం వేశామో అవే చస్తాయి. పైగా ఆ లెక్కలో ఒక పెద్ద పొదుపు మరిచారు. తిన్న కర్బనంలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది, కణంగా మారదు. చచ్చిన కణాలలోని నత్రజని మళ్లీ బతికినవాటికి దక్కుతుంది. అందుచేత పుస్తకపు లెక్కలో మూడో వంతో నాలుగో వంతో తీసుకుని, దాన్ని కూడా పలుమార్లుగా, మట్టిలో నత్రజని ఎంత మిగిలిందో పరీక్షించుకుంటూ వెయ్యటం అనుభవజ్ఞుల పద్ధతి.

ఎరువుకన్నా కష్టమైనది గాలి. బాక్టీరియా గొలుసు కొసన ప్రాణవాయువును తగిలించిగాని కొరకటం మొదలుపెట్టదు. అలా తగిలించగానే అది ఒక మద్యసారంగా, తర్వాత కొవ్వు ఆమ్లంగా మారి, ఆపైన మన శరీరం కొవ్వును కాల్చుకునే దారిలోనే రెండేసి కర్బనాలుగా తెగుతూ పోతుంది. కిలో చమురు పూర్తిగా కాలటానికి మూడు, మూడున్నర కిలోల ప్రాణవాయువు పడుతుంది. మన మడిలో వెయ్యి కిలోల చమురుకు మూడున్నర టన్నులు! గాలి లెక్కలో చూస్తే పన్నెండు వేల ఘనపు మీటర్ల పైచిలుకు. ఇంత గాలి మట్టిలోకి ఎలా పోతుంది? నీళ్లు నిలిచిన వరిమడిలో అసలు పోదు. అందుకే మొట్టమొదటి పని నీరు తీసెయ్యటం. తర్వాత వారం పది రోజులకొకసారి దున్నటం. డెల్టా నల్లమట్టిని తడిమీద దున్నితే గడ్డలు కట్టి, గడ్డ లోపల గాలి ఆడదు. పదునుమీద దున్నాలి. కొబ్బరి పొట్టో ఊకో కలిపితే మట్టి గుల్లబారుతుంది. అయితే ఎండుగడ్డి కలిపేవాళ్లకు ఒక హెచ్చరిక: గడ్డి కుళ్లేటప్పుడు అది కూడా నత్రజనిని లాక్కుంటుంది. చమురుకని వేసిన యూరియా గడ్డి తినేస్తుంది. తేమ మాత్రం ఉండాలి. మట్టి పట్టగల నీటిలో సగానికి పైన, ముప్పాతికకు లోపల. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వేళ్లసందున నీరు కారకూడదు. పొడి దుమ్ములో బాక్టీరియా పనిచెయ్యదు. మన ఎండ ఒక్కటి మాత్రం మనకు అదృష్టం. అలాస్కా చలిలో ఏళ్లు పట్టే పని ముప్పై డిగ్రీల దగ్గర నెలల్లోకి వస్తుంది.

ఎంతవరకు వస్తుందన్నదే తరువాతి మాట. తిన్నని గొలుసులు ముందు పోతాయి, కొమ్మలున్నవి తరువాత, వలయాలున్నవి ఇంకా తరువాత. నాలుగైదు వలయాలు కలిసినవి, తారులాంటి భారీ పదార్థాలు చాలావరకు మిగిలిపోతాయి. అందుచేత కొలతలు గీతగా గీస్తే మొదటి రెండు నెలలూ గబగబా దిగి, తర్వాత చదునవుతుంది. ఆ చదును దగ్గర ఎంత యూరియా పోసినా లాభం లేదు. బావినుంచి చమురుతోపాటు ఉప్పునీరు కూడా వస్తుంది. మట్టి ఆరినాక తెల్లని పొర కనబడితే అది ఉప్పు. ఉప్పును ఏ బాక్టీరియా తినదు. మంచినీటితో కడిగి మురుగుకాలవలోకి దింపాల్సిందే. చమురు పోయినా పైరు లేవటం లేదని రైతు అంటే ముందు చూడవలసింది ఇదే.

అలాస్కాలో కూడా అంతా పోలేదు. 2001లో తొంభైకి పైగా తీరపు చోట్ల వేలకొద్దీ గుంటలు తవ్వి చూస్తే సగానికి పైగా చోట్ల చమురు ఇంకా ఉంది. పైన గులకరాళ్లమధ్య గాలీ నీరూ బాగా ఆడుతున్నా, కిందిపొర బిగుసుగా ఉండి అక్కడికి ప్రాణవాయువు అందటం లేదని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఎరువు పైన చల్లితే చమురు కింద దాక్కుంది.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. పాడైన మడిని బాగుచేశామని కాగితం రాయటానికి అన్నిటికన్నా సులువైన మార్గం లోతుగా దున్నటం. పదిహేను సెంటీమీటర్ల పాడు మట్టిని ముప్పై సెంటీమీటర్ల మంచి మట్టితో కలిపితే నూటికి ఐదు ఉన్న చమురు రెండుకు లోపల పడిపోతుంది. ఒక్క చుక్క కూడా తినబడలేదు, అంకె మాత్రం దిగింది. తేలిక భాగాలు ఎండకు ఆవిరై ఊరి గాలిలో కలిసినా అంకె దిగుతుంది. మడి యజమాని అడగవలసింది, 'చమురు ఎంత తగ్గింది' అని ఒక్కటే కాదు. 'హోపేన్‌తో పోల్చి ఎంత తగ్గింది, ఎంత లోతునుంచి మట్టి తీశారు, ఎరువు వెయ్యని మడి ఒకటి పక్కన పెట్టారా' అని. మంచి మట్టి కలిపినా చమురుకూ హోపేన్‌కూ మధ్య నిష్పత్తి మారదు గనుక ఆ మోసం ఇట్టే బయటపడుతుంది. ఎరువు వెయ్యని మడిలో కూడా అంతే తగ్గి ఉంటే ఆ తగ్గుదల ఎరువు గొప్ప కాదు, ఎండా గాలీ గొప్ప.

చమురు నూటికి ఒకటి రెండు పాళ్లకు దిగాక గడ్డి నాటటం మంచిది. వట్టివేరు, గరిక వంటివాటి పీచువేళ్లు మట్టిని గుల్లచేస్తాయి. వేళ్లనుంచి ఊరే చక్కెరల మూలంగా వేరు చుట్టూ బాక్టీరియా సంఖ్య ఎంతో పెరుగుతుంది. గడ్డి చమురును తాగేస్తుందని కొందరు అనుకుంటారు. పని చాలావరకు వేరు నీడన ఉన్న బాక్టీరియాదే. ఐదు పాళ్లున్నప్పుడే నాటితే విత్తనానికి నీరే అందక ఎండిపోతుంది.

ఇక మోయవలసిన విషాల సంగతి. ఇందులో నాకు మహా ఇష్టమైన కథ ఒక ఫెర్న్ మొక్కది. శాస్త్రనామం టెరిస్ విట్టాటా. అమెరికాలోని ఫ్లోరిడాలో, కలపకు చెదపట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి, తర్వాత వదిలేసిన ఒక స్థలంలో ఈ మొక్క దివ్యంగా పెరుగుతూ కనబడింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ఆకును పరీక్షించి 2001లో ప్రకటించారు. పాషాణం ఎక్కువగా కలిపిన మట్టిలో పెంచినప్పుడు కొద్ది వారాలలోనే ఆకు ఎండు బరువులో నూటికి రెండు పాళ్లకు మించి ఆర్సెనిక్ చేరింది. చాలా మొక్కలు అందులో వెయ్యోవంతుకే వాడిపోతాయి. భాస్వరం వేరులోకి వచ్చే దారినే ఆర్సెనిక్ కూడా వస్తుంది. ఈ ఫెర్న్ దాన్ని వేరులో ఆపకుండా ఆకుకు తోసి, అక్కడ కణాల మధ్యలో ఉండే సంచుల్లో బంధించి పెడుతుంది. మొక్క మనకు పరాయిదేమీ కాదు. మన దేశంలోనూ సున్నం గోడల పగుళ్లలో, పాత బావుల ఒరల్లో తరచు కనిపిస్తుంది. వృక్షశాస్త్ర విద్యార్థులు ఎంతమంది దాన్ని హెర్బేరియం షీటుకు అంటించి ఊరుకుని ఉంటారో!

ఇంత గొప్ప మొక్క ఒక హెక్టారు నేలను ఎన్నాళ్లకు బాగుచేస్తుంది? లెక్క వేద్దాం. పదిహేను సెంటీమీటర్ల లోతు మట్టి హెక్టారుకు 20 లక్షల కిలోలు. కిలోకు 100 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉంటే మొత్తం 200 కిలోలు. దాన్ని 20 మిల్లీగ్రాములకు దించాలంటే 160 కిలోలు తియ్యాలి. ప్రయోగశాల కుండీలో వచ్చిన రెండు పాళ్లు పొలంలో రావు. ఆకులో కిలోకు 3 గ్రాముల ఆర్సెనిక్, ఏడాదికి హెక్టారుకు 2 టన్నుల ఎండు ఆకు అనుకుంటే ఏడాదికి తీసేది 6 కిలోలు. అంటే 27 ఏళ్లు! కాస్త ధారాళంగా, 4 టన్నుల ఆకు, కిలోకు 4 గ్రాములు అనుకున్నా పదేళ్లు. పైగా మొక్క ముందు సులువుగా దొరికే ఆర్సెనిక్‌ను తీసుకుంటుంది. మట్టిలోని ఇనుముకు గట్టిగా అతుక్కున్నది చివరికి మిగులుతుంది. ఏటేటా దిగుబడి తగ్గుతుంది. వేరు పోయిన లోతుకు కిందనున్న దాన్ని అది ఎలాగూ ముట్టదు. మరి లాభమేమిటంటే, యంత్రాలతో మట్టినంతా తవ్వి లారీల్లో తరలించటంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, నేల నేలగానే ఉంటుంది. స్కూలు కట్టబోయే స్థలానికి ఇది పనికిరాదు. తొందర లేని, లేత కాలుష్యమున్న, పైపొర మాత్రమే చెడిన నేలకు పనికివస్తుంది.

మొక్కకూ లోహానికీ జత కుదరకపోతే ఏమవుతుందో 2011లో జపానులో చూశారు. ఫుకుషిమా అణుకేంద్రం ప్రమాదం తర్వాత పొద్దుతిరుగుడు మొక్కలు సీసియంను లాగేస్తాయనే ఆశతో ఎంతోమంది విత్తనాలు చల్లారు. చెర్నోబిల్ దగ్గర చెరువు నీటిలో తేలించిన పొద్దుతిరుగుడు వేళ్లు బాగా పనిచేశాయన్న కబురు వాళ్లకు తెలుసు. కాని నీరు వేరు, మట్టి వేరు. బంకమట్టి పలకల మధ్య సీసియం ఇరుక్కుంటే వేరుకు చిక్కదు. ప్రభుత్వ వ్యవసాయ శాఖ కొలిచి చూస్తే ఒక పంట తీసింది నేలలో ఉన్నదానిలో రెండువేలో వంతు మాత్రమే. చివరికి పైమట్టిని గీకి సంచుల్లో నింపవలసి వచ్చింది. సీసం కూడా ఇలాగే మట్టిని వదలదు. దాన్ని కరిగించటానికి ఇ.డి.టి.ఎ. వంటి రసాయనం పోసి ఆవ మొక్కలచేత తాగించే పద్ధతి ఒకటి ఉంది. కరిగిన సీసమంతా మొక్క తాగుతుందా? తాగలేనిది వానతో కిందికి దిగి బావినీళ్లలో చేరుతుంది. మట్టిని బాగుచేసి మంచినీళ్లు పాడుచేసినట్టవుతుంది. నా మట్టుకు నేను, భూగర్భజలం పైకి ఉన్న మన డెల్టాల్లో ఈ పద్ధతి వద్దనే అంటాను.

కోసిన ఆకు ఏమవుతుందన్నది అన్నిటికన్నా తక్కువగా ఆలోచించే విషయం. ఫెర్న్ ఆకులో చేరిన పాషాణం ఎక్కడికీ పోలేదు, చిక్కబడింది, అంతే. దాన్ని కంపోస్టు గుంటలో వేస్తే పక్క చేనికి ఎరువుగా వెళుతుంది. పొయ్యిలో వేస్తే ఆర్సెనిక్ సులభంగా ఆవిరయ్యే పదార్థం గనుక కొంత పొగలో లేస్తుంది. కంచె లేకపోతే మేక నోటికి దొరుకుతుంది. రాలిన ఆకు మళ్లీ అదే మట్టిలో కలుస్తుంది. పొగ జల్లెడ పట్టే కొలిమి ఉన్నచోట కాల్చి ఆ బూడిదను, లేదా ఎండు ఆకునే, కింద నీరు దిగని పొర పరిచిన ప్రమాదకర వ్యర్థాల గుంటలో పాతిపెట్టాలి. రెండు టన్నుల ఎండు ఆకు అంటే బస్తాకు పాతిక కిలోల చొప్పున ఎనభై బస్తాలు. ప్రతి ఏడూ ఎనభై బస్తాలు, 27 ఏళ్లపాటు. ఫెర్న్ నాటేముందే ఆ బస్తాలు ఏ లారీలో, ఏ గుంటకు, ఎవరి ఖర్చుమీద వెళతాయో ఒప్పందంలో రాసుకోవాలి. కార్ల మరమ్మతు షెడ్ల వెనక పారబోసిన పాత ఇంజను నూనె ఉన్న నేలలో రెండు పనులూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బాక్టీరియా నూనెను తింటుంది, ఇంజను అరగదీసిన లోహాల పొడి అలాగే మట్టిలో మిగులుతుంది. నూనె అంకె దిగిన రోజున ఆ మట్టిని మళ్లీ లోహాల పరీక్షకు పంపాలి.